అరవై నాలుగు స్లైడ్లు, ఒక్క కాగితం



పోయిన సంక్రాంతికి మా చెల్లెలి కూతురు మా ఇంటికి వచ్చింది. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఒక చేతిలో జంతికల డబ్బా, ఇంకో చేతిలో పుస్తకాల సంచీ. పండగ మూడు రోజులూ డబ్బా మూత పడలేదు, సంచీ జిప్పు తెరుచుకోలేదు. కనుమ వెళ్ళిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి నా ఎదురుగా కూర్చుని, "మావయ్యా, కార్డియాక్ సైకిల్ మొత్తం ఒక్క పేజీలోకి దించాలి. సీనియర్లంతా అధ్యాయానికో పేజీ చేసుకుంటారట. ఎలా చెయ్యాలో చెప్పవా?" అంది. నేను 30 ఏళ్ళు ఫిజియాలజీ పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. ఇది నాకు అరగంట పని అనుకున్నాను. రెండు రోజులు పట్టింది.

సంచీలోంచి ఆమె తీసినవి ఇవీ. 64 స్లైడ్లు, కాగితానికి నాలుగు చొప్పున తీసిన ప్రింటు. చివరి పేజీలకొచ్చేసరికి సిరా అయిపోయి బూడిదరంగులోకి తిరిగింది. చేత్తో రాసుకున్న నోట్సు 11 పేజీలు. అందులో కొన్ని స్పైరల్ పుస్తకంలో, రెండు అనాటమీ రికార్డు వెనక. ఆమె క్లాసుకి వెళ్ళని రోజుది స్నేహితురాలి నోట్సు, అదీ ఫోన్లో తీసిన ఫొటోలు. ఒక ఫొటోలో సగం పేజీ మీద బొటనవేలు ఉంది.

స్లైడ్ల సంగతి మా మాస్టర్ల తరఫున ముందే ఒప్పుకుంటాను. స్లైడు మాట్లాడేవాడికి జ్ఞాపిక, వినేవాడికి పాఠం కాదు. నా స్లైడ్లు కూడా అంతే. ఏటా రెండు కొత్తవి కలిపేవాణ్ణి, పాతది ఒక్కటీ తీసేవాణ్ణి కాదు. పదేళ్ళకి అది పెళ్ళివారి సామాను గదిలా తయారైంది. కాబట్టి పిల్లలు స్లైడ్లని వరసగా కుదించుకుంటూ పోతే, మాస్టారి అయోమయాన్నే చిన్న అక్షరాల్లో ఎత్తి రాసుకున్నట్టు అవుతుంది.

మా మేనకోడలు అప్పటికే ఒక ప్రయత్నం చేసి తెచ్చింది. ఏ-ఫోర్ కాగితం, రెండు వైపులా, నాలుగు రంగుల సిరా, ఆవగింజలంత అక్షరాలు. చూడ్డానికి కలంకారీ గుడ్డలా ఉంది. ఐదు గంటలు పట్టిందట. నేను కాగితం బోర్లించి ఒక్క ప్రశ్న అడిగాను. "అయోర్టిక్ వాల్వు మూసుకునే క్షణానికి ఎడమ జఠరికలో రక్తం ఎంత ఉంటుంది?" కళ్ళు మూసుకుంది. "పైన, కుడిపక్కన, ఆకుపచ్చ సిరాతో రాశాను మావయ్యా" అంది. ఎక్కడ రాసిందో గుర్తుంది. ఏం రాసిందో గుర్తు లేదు.

తప్పు ఆమెది కాదు, పద్ధతిది. 2013లో అమెరికాలో జాన్ డన్‌లాస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మరికొందరు కలిసి విద్యార్థులు వాడే పది చదువు పద్ధతుల మీద అంతవరకూ జరిగిన పరిశోధనలని సమీక్షించారు. గీతలు గీసుకుంటూ చదవడం, మళ్ళీ మళ్ళీ చదవడం అట్టడుగున నిలిచాయి. విచిత్రమేమిటంటే సారాంశం రాసుకోవడం కూడా ఆ అడుగు జాబితాలోనే ఉంది, బాగా రాయడం నేర్పితే తప్ప పెద్ద ప్రయోజనం లేదని. పైన నిలిచినవి రెండే. తనని తాను పరీక్షించుకోవడం ఒకటి, చదువుని రోజుల మధ్య ఎడంగా పంచుకోవడం రెండోది. అంటే అధ్యాయాన్ని కుదించి ఎత్తి రాసిన పేజీ కింది జాబితాలోకి వస్తుంది. అదే పేజీని పుస్తకం మూసి, జ్ఞాపకంలోంచి కడితే పై జాబితాలోకి వెళ్తుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు.

సరే, ఆ కలంకారీని పక్కన పెట్టి మొదటినుంచీ మొదలుపెట్టాం.

ముందు చేసింది ఏరివేత. దీనికి పెన్ను అక్కర్లేదు, పెన్సిలు చాలు. స్లైడ్లకి ఒకటి నుంచి 64 దాకా అంకెలు, నోట్సు పేజీలకి ఒకటి నుంచి 11 దాకా అంకెలు వేయించాను. తర్వాత స్లైడ్లని గుట్టలు చేశాం. శీర్షికలు, ధన్యవాదాలు, సూర్యోదయం బొమ్మలు కలిపి ఐదు. గుండె నిర్మాణం గురించి ఎనిమిది, అవి అంతకుముందు అధ్యాయానివి. ఒకే బొమ్మ వేరే పుస్తకం నుంచి మళ్ళీ తెచ్చిపెట్టినవి 11. చివర్లో 14 స్లైడ్లు కార్డియాక్ ఔట్‌పుట్ గురించి, అంటే నిమిషానికి గుండె ఎంత రక్తం పంపుతుంది, ఆ పరిమాణాన్ని ఏది నియంత్రిస్తుంది అన్న విషయం. మాస్టారు ఒకే గంటలో రెండూ మొదలుపెట్టారు కాబట్టి ఒకే ఫైల్లో పెట్టారు, అంతే. అది ఇంకో అధ్యాయం, దానికి ఇంకో కాగితం. ఇవన్నీ తీసేస్తే 26 మిగిలాయి. అందులో తొమ్మిది గుండె కుడివైపు గురించి. కుడి జఠరికలోనూ జరిగేది అదే కథ, అదే వరస. పీడనమే తక్కువ, ఎడమ వైపు 120 మిల్లీమీటర్ల పాదరసం దాకా పోతే కుడి వైపు 25 దగ్గర ఆగుతుంది. తొమ్మిది స్లైడ్లకి ఆ ఒక్క వాక్యం చాలు. ఇక 17.

ఈ పనికి పట్టింది 20 నిమిషాలు. ఒక్క పేజీలో పట్టదని ఏడ్చే పిల్లల్లో చాలామందికి ఆ 20 నిమిషాల ఏరివేత లేకపోవడమే కారణం. రెండు అధ్యాయాలని ఒకటనుకుని కాగితం మీద కుక్కుతుంటారు.

నోట్సులో వెతకాల్సింది వేరు. స్లైడులో ఉన్నదే నోట్సులో ఉంటే దాన్ని కొట్టేయడమే. స్లైడులో లేకుండా మాస్టారు నోటితో చెప్పినదే అసలు సరుకు. ఆ 11 పేజీల్లో అలాంటివి ఏడు దొరికాయి. ఒకచోట పక్కన చిన్న అక్షరాలతో "వాల్వుకి బుద్ధి లేదు, తోస్తే తెరుచుకుంటుంది" అని ఉంది. మాస్టారు నవ్విస్తూ అన్నారట. మా మేనకోడలు దాన్ని జోకనుకుని తన మొదటి పేజీలోకి ఎక్కించలేదు. నాకు మాత్రం ఆ సామగ్రి మొత్తంలోనూ అంతకు మించిన వాక్యం కనబడలేదు. ఎందుకో చెప్తాను.

ప్రతి అధ్యాయానికీ ఒక వెన్నెముక ఉంటుంది. మిగతావన్నీ దాన్ని పట్టుకుని వేలాడతాయి. అది దొరికితే పేజీ దానంతట అదే కుదురుతుంది, దొరక్కపోతే ఎంత చిన్న అక్షరాలు రాసినా కుదరదు. కార్డియాక్ సైకిల్‌కి, మన తెలుగు పుస్తకాల్లో హార్దిక వలయం అంటారే దానికి, వెన్నెముక ఈ వాల్వు సంగతే. వాల్వుకి అటూ ఇటూ ఉన్న పీడనాల్లో ఏది ఎక్కువైతే అటునుంచి తోపుడు. ముందుకు తోస్తే తెరుచుకుంటుంది, వెనక్కి తోస్తే మూసుకుంటుంది. ఎడమ వైపు రెండు వాల్వులు. కర్ణికకీ జఠరికకీ మధ్య మిట్రల్, జఠరికకీ బృహద్ధమనికీ మధ్య అయోర్టిక్. రెండు వాల్వులు, ఒక్కోదానికి తెరుచుకోవడం, మూసుకోవడం. మొత్తం నాలుగు క్షణాలు. అధ్యాయమంతా ఆ నాలుగు క్షణాల మధ్యే జరుగుతుంది.

వెన్నెముక అదేనని ఎలా తెలుస్తుంది? నేను ఆమె చేత పాత ప్రశ్నపత్రాలు తీయించాను. ఐదేళ్ళవి. ప్రశ్నల మాటలు మారతాయి గానీ అడిగేది ఒకటే. జఠరికలో పీడనం, పరిమాణం ఎలా మారతాయో బొమ్మతో వివరించమని ఒక ఏడు. గుండె చప్పుళ్ళు ఎందుకొస్తాయని ఒక ఏడు. మెడ సిరలో కనబడే నాడి అలలు వివరించమని ఒక ఏడు. ప్రతి జవాబూ ఏదో ఒక వాల్వు తెరుచుకోవడం దగ్గరో మూసుకోవడం దగ్గరో మొదలవుతుంది. ఏ ఒక్క మాట తీసేస్తే అన్ని జవాబులూ కూలతాయో అదే వెన్నెముక.

ఇప్పుడు కాగితం. రేడియోలో బొమ్మ చూపించలేను, మీరే ఊహించుకోవాలి. ఏ-ఫోర్ కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. వెడల్పు 29.7 సెంటీమీటర్లు. ఎడమవైపు నాలుగున్నర సెంటీమీటర్లు పేర్లు రాసుకోవడానికి వదలండి. అక్కణ్ణుంచి 24 సెంటీమీటర్ల గీత గీయండి. గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటే ఒక్కో వలయానికి 0.8 సెకను పడుతుంది. కాబట్టి సెకనులో పదో వంతుకి మూడు సెంటీమీటర్లు. లెక్క సరిగ్గా సరిపోతుంది. కొలిచి గీసిన బొమ్మకీ ఉజ్జాయింపుగా గీసిన బొమ్మకీ చాలా తేడా ఉంది. కొలిచి గీస్తే తప్పు దాగదు, బయటపడుతుంది.

ఆ గీత మీద నాలుగు నిలువు గీతలు, పైనుంచి కిందిదాకా. మూడో సెంటీమీటరు దగ్గర మిట్రల్ మూసుకుంటుంది. నాలుగున్నర దగ్గర అయోర్టిక్ తెరుచుకుంటుంది. 12 దగ్గర అయోర్టిక్ మూసుకుంటుంది. ఇంచుమించు 14 దగ్గర మిట్రల్ తెరుచుకుంటుంది. ఇవే మన నాలుగు క్షణాలు. ఇక వాటి మీదుగా అడ్డంగా ఐదు పట్టీలు. పై పట్టీ ఏడు సెంటీమీటర్ల ఎత్తు, అందులో పీడనాలు. తర్వాత మూడున్నర సెంటీమీటర్లలో జఠరిక పరిమాణం. రెండు సెంటీమీటర్లలో ఈసీజీ. ఒకటిన్నరలో గుండె చప్పుళ్ళు. రెండింటిలో మెడ సిర నాడి. పైనా కిందా సెంటీమీటరు చొప్పున ఖాళీ పోగా అడుగున మూడు సెంటీమీటర్లు మిగులుతుంది. దాని సంగతి తర్వాత.

ఈ అమరిక నేను కనిపెట్టింది కాదు. గత శతాబ్ది తొలి దశకాల్లో కార్ల్ విగ్గర్స్ అనే అమెరికా శాస్త్రవేత్త గుండెలో జరిగేవన్నీ ఒకే కాలరేఖ మీద ఒకదానికింద ఒకటి పేర్చి చూపించాడు. విగ్గర్స్ బొమ్మ అని ఈనాటికీ ప్రతి ఫిజియాలజీ పుస్తకంలో ఉంటుంది. మా మేనకోడలి స్లైడ్లలోనే అది మూడుసార్లు వచ్చింది. మరి అచ్చులో ఉన్నదాన్ని మళ్ళీ గీయడం ఎందుకు? "జిరాక్సు తీసి అంటించుకుంటే పోదా?" అని ఆమే అడిగింది. నేను జవాబు చెప్పలేదు. పుస్తకాలన్నీ మూయించి, ఖాళీ గీతల కాగితం ఇచ్చి, "పది నిమిషాల్లో నింపు" అన్నాను.

పది నిమిషాల తర్వాత ఆ కాగితం చూస్తే ఆమెకి ఏం తెలుసో, ఏం తెలియదో అద్దంలా కనబడింది. పీడనాల పట్టీ చక్కగా వేసింది. పరిమాణం పట్టీలో, మిట్రల్ మూసుకున్న వెంటనే పరిమాణం పడిపోతున్నట్టు వాలుగా గీసింది. అది కుదరదు. మూడో సెంటీమీటరు నుంచి నాలుగున్నర దాకా రెండు వాల్వులూ మూసే ఉన్నాయి. జఠరిక బిగుసుకుంటోంది, పీడనం పెరుగుతోంది, కానీ రక్తం పోవడానికి దారేదీ? గీత తిన్నగా ఉండాలి. 12 నుంచి 14 దాకా కూడా అంతే. మూడు పుస్తకాల్లో ఆ మాట చదివింది, స్లైడులో చదివింది, తన మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసింది. అయినా చెయ్యి వాలుగా గీసింది.

రెండో తప్పు ఇంకా ముచ్చటైనది. ఈసీజీలో టీ అలని రెండో గుండె చప్పుడు తర్వాత వేసింది. చాలామంది అలాగే వేస్తారు, నాకు తెలిసి ఏటా తరగతిలో సగం మంది. అలలు గుండె విద్యుత్తుకి గుర్తులని, చప్పుడు వాల్వుకి సంబంధించినదని విడివిడిగా చదువుకోవడం వల్ల వచ్చే తప్పు. టీ అల అంటే జఠరిక కండరం సడలడానికి విద్యుత్తు ఇచ్చే సంకేతం. సంకేతం ముందు, సడలడం తర్వాత. సడలితే పీడనం పడిపోతుంది, పడిపోతే బృహద్ధమనిలోని రక్తం వెనక్కి తోసి వాల్వుని మూస్తుంది, అప్పుడు రెండో చప్పుడు. కాబట్టి టీ అల చప్పుడుకి ముందే వచ్చేయాలి. అచ్చు బొమ్మ అంటించుకుని ఉంటే ఈ తప్పు పరీక్ష హాలు దాకా ఎవరికీ తెలిసేది కాదు.

అప్పుడు ఎర్ర పెన్సిలు ఇచ్చి దిద్దుకోమన్నాను. తెలిసినచోట ఏమీ రాయొద్దన్నాను. పేజీ అధ్యాయంలో ఉన్నవాటి కోసం కాదు, మనం మరిచిపోయేవాటి కోసం. ఆమెకి పీడనాలు వచ్చు, కాబట్టి అక్కడ గీతలు, మూడు అంకెలు చాలు. పరిమాణం పట్టీ దగ్గర మాత్రం "దారి లేదు, కాబట్టి తిన్నగా" అని ఎర్రగా రాసుకుంది. టీ అల దగ్గర "సంకేతం ముందు" అని రెండు మాటలు. ఈ మాటలు ఇంకొకరి పేజీ మీద ఉంటే వాళ్ళకి అర్థం కావు, అవసరమూ లేదు. కాలేజీల ముందు జిరాక్సు దుకాణాల్లో సీనియర్ల పేజీలు పుస్తకంగా కుట్టి అమ్ముతుంటారు కదా. వాటి మీద ఉన్న ఎరుపంతా ఆ సీనియరు మరిచిపోయేదాని మీద. మీరు మరిచిపోయేది అందులో నల్లగా ఉంటుంది, లేదా అసలు ఉండదు.

అంకెల దగ్గరికి వస్తే ఇంకో చిక్కు. స్లైడులో జఠరిక బిగుసుకునే కాలం, అంటే సిస్టోల్, 0.27 సెకను. సడలే కాలం, డయాస్టోల్, 0.53. నోట్సులో 0.3, 0.5. రెండూ తప్పు కాదు. వేర్వేరు పుస్తకాలు వేర్వేరుగా ఇస్తాయి. మా మేనకోడలు తన మొదటి పేజీలో ఏం చేసిందంటే, సిస్టోల్ స్లైడులోంచి తీసుకుంది, డయాస్టోల్ నోట్సులోంచి తీసుకుంది. 0.27, 0.5. కలిపితే 0.77. వలయం 0.8 అని పక్కనే రాసి ఉంది. చూసి రాస్తున్నప్పుడు ఎవరూ కూడి చూడరు.

అంకెలు కుటుంబాలుగా వస్తాయి, ఒకింటి అంకెని ఇంకో ఇంట్లో పెట్టకూడదు. పరిమాణంలోనూ అంతే. నిండినప్పుడు 120 మిల్లీలీటర్లు, ఖాళీ అయ్యాక 50, బయటికి పోయింది 70. ఇంకో పుస్తకంలో 130, 50, 80. నింపింది 130 అనీ, పోయింది 70 అనీ రాస్తే పది మిల్లీలీటర్ల రక్తానికి లెక్క తేలదు. మేం ఏం చేశామంటే, వాళ్ళ విభాగం ఏ పుస్తకం అనుసరిస్తుందో చూసి ఆ కుటుంబాన్ని మొత్తంగా తీసుకున్నాం. సమయంలో 0.3, 0.5. పరిమాణంలో 120, 50, 70. రెండో కుటుంబాన్ని అంచున చిన్నగా రాసిపెట్టుకుంది, మౌఖిక పరీక్షలో ఎవరైనా బయటి పరీక్షకుడు అడిగితే పనికొస్తుందని. తర్వాత అంకెల చేత అంకెలకి సాక్ష్యం చెప్పించాం. 70ని 120తో భాగిస్తే సుమారు 58 శాతం, జఠరిక ప్రతిసారీ పంపే వాటా. 70ని 75తో గుణిస్తే నిమిషానికి 5,250 మిల్లీలీటర్లు, అంటే ఐదు లీటర్ల పైచిలుకు. పుస్తకాల్లో ఉన్నదీ ఇంచుమించు అదే. ఇలా సాక్ష్యం కుదిరిన అంకె మరిచిపోయినా మళ్ళీ పుట్టించుకోవచ్చు.

ఇక అడుగున వదిలిన మూడు సెంటీమీటర్లు. అక్కడ సమాచారం రాయొద్దు, ప్రశ్నలు రాయండి. జవాబులు లేకుండా. ఆమె రాసుకున్నవి ఐదు. వాల్వులన్నీ మూసి ఉండే రెండు సమయాలేవి? మొదటి చప్పుడు ఎక్కడ, ఎందుకు? కర్ణిక బిగుసుకోకపోతే జఠరిక ఎంత తక్కువ నిండుతుంది? మెడ సిరలో వీ అల ఏ వాల్వు మూసి ఉండగా పెరుగుతుంది? గుండె నిమిషానికి 200 సార్లు కొట్టుకుంటే ఏది బాగా తగ్గుతుంది? ఈ చివరిది నాకు ఇష్టమైన ప్రశ్న. వలయం 0.3 సెకనుకి పడిపోతుంది. అందులో సిస్టోల్ 0.27 నుంచి 0.16కి తగ్గితే, డయాస్టోల్ 0.53 నుంచి ఏకంగా 0.14కి పడిపోతుంది. కోత అంతా విశ్రాంతి మీదే. ఎడమ జఠరిక గోడకి రక్తం ఎక్కువగా అందేది కూడా ఆ విశ్రాంతిలోనే. గమనించారా, ఈ ప్రశ్నకి జవాబు రెండో కుటుంబం అంకెల్లో ఉంది. అందుకు కూడా దాన్ని అంచున ఉంచాం.

సంక్షిప్తాక్షరాల గురించి ఒక్క మాట. రాసేటప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటాయి. మూడు నెలల తర్వాత చూస్తే "ఏవీ" అంటే కర్ణికా జఠరికల మధ్య వాల్వా, అయోర్టిక్ వాల్వా అని తల పట్టుకోవాలి. ఆమె స్నేహితురాలి ఫొటోల్లో సరిగ్గా అదే జరిగింది, రెండర్థాల్లోనూ వాడింది. పుస్తకంలో లేని పొట్టి పేరు ఏదైనా పెట్టుకుంటే ఎడమ అంచున ఒకసారి పూర్తిగా రాసుకోవాలి.

రెండో రోజు సాయంత్రానికి పేజీ తయారైంది. ఒకవైపే. మొదటిదాంతో పోలిస్తే మాటలు పదో వంతు కూడా లేవు. రాత్రి భోజనాల దగ్గర అడిగితే గడగడా చెప్పేసింది. "అంతా వచ్చేసింది మావయ్యా" అంది సంతోషంగా. నేను మాత్రం సంతోషించలేదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఒకటుంది. కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివించారు, ఇంకొందరి చేత చదివించాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే గెలిచారు. వారం తర్వాత పెడితే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళు గెలిచారు. అంటే ఆ రాత్రి కంచం ముందు గడగడా వచ్చినదాన్ని బట్టి ఏమీ తేల్చకూడదు.

అందుకని మూడు తేదీలు రాసిచ్చాను, పేజీ మూలలోనే. మర్నాడు ఒకటి, నాలుగో రోజు ఒకటి, పన్నెండో రోజు ఒకటి. ఆ తేదీన అసలు పేజీ తీయకూడదు. ఖాళీ కాగితం మీద నాలుగు నిలువు గీతలు వేసుకుని పది నిమిషాల్లో మళ్ళీ గీయాలి. అప్పుడు పేజీ తీసి పోల్చాలి. మర్నాడు మా ఇంట్లోనే గీసింది. టీ అల సరిపోయింది, మెడ సిర నాడి పూర్తిగా తప్పింది. నాలుగో రోజు హాస్టల్ నుంచి ఫొటో పంపింది, నాడి సగం వచ్చింది. పన్నెండో రోజు పంపినదాన్లో ఒకే ఒక్క తప్పు, ఆ తప్పు కూడా అంతకుముందు రెండుసార్లూ చెయ్యనిది, అలసటతో చేసినది. అప్పుడు అసలు పేజీ మీద ఇక అవసరం లేని ఎరుపుని చెరిపేయమన్నాను. పెన్సిలుతో రాయమన్నది అందుకే.

ఈ పద్ధతి అన్ని అధ్యాయాలకీ ఇలాగే పనిచేస్తుందని చెప్పను. కాలరేఖ ఉన్నచోట ఈ పట్టీలు. రక్తం గడ్డకట్టడం లాంటిదైతే ఒకదాన్నించి ఇంకోదానికి బాణాలు. హార్మోన్లయితే అడ్డంగా, నిలువుగా గడులు. అనాటమీలో భుజం దగ్గరి నరాల అల్లిక లాంటిది ఒక్క బొమ్మే, మాటలే వద్దు. ఏ ఆకారమూ కుదరని అధ్యాయాలూ ఉంటాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది చిన్న విషయాలని ఒక పేరు కింద పెట్టినవి. వాటికి ఒక్క పేజీ చేయడానికి కష్టపడొద్దు. చిన్న చిన్న చీటీలు, ఒకవైపు ప్రశ్న, ఇంకోవైపు జవాబు, అంతే నయం. ఇంకొకటి, పెద్ద ప్రశ్నకి పది మార్కుల జవాబు ఈ పేజీ చూసి రాయలేం. వాక్యాలు పుస్తకంలోనే ఉంటాయి. పుస్తకం ఒకసారైనా పూర్తిగా చదవనివాళ్ళకి ఈ పేజీ తాళం లేని తాళంచెవి.

వింటున్న విద్యార్థులకి ఒక మనవి. ఈ వారం ఒక్క అధ్యాయం తీసుకోండి, ఒక్కటే. స్లైడ్లకి అంకెలు వేయండి, సంబంధం లేనివి తీసి పక్కన పెట్టండి, ఐదేళ్ళ ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని వెన్నెముక వెతకండి. అప్పుడు పుస్తకం మూసి, పెన్సిలుతో, ఒకవైపే గీయండి. అది కార్డియాక్ సైకిలే అయితే, పుస్తకం తెరిచాక ముందు టీ అల ఎక్కడ పెట్టారో చూసుకోండి.